“లా” కనపడగానే గీత గీస్తే మార్కు పోయినట్టే!

“పాప వర్క్‌షీట్‌లో ‘లాంటి’ ఉన్న వాక్యానికి సిమిలీ అని రాసింది. టీచర్ కొట్టేశారు. ‘లాంటి’ ఉంది కదండీ, మరి తప్పెలా అవుద్ది?”

తప్పే! కొట్టేసినాయన చేసింది ముమ్మాటికీ కరెక్టే. నా కోపం ఆయన మీద కాదు. “లా, వలె, పోలె కనపడితే సిమిలీ” అని వర్క్‌షీట్ పైన డబ్బా కట్టి ముద్రిస్తారే, ఆ సూచన మీద! పిల్లలు సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్ మూడూ కలిపేసుకోవడానికి మూలకారణం ఆ డబ్బాయేనని నేను గట్టిగా చెప్తాను. పిల్ల పద్యం చదవడం మానేసి “లా” కోసం వెతుకులాట మొదలెడుతుంది.

మన సిక్కోలు ఏటి మీదే ఐదు లైన్లు రాశాను, స్క్రీన్ మీద చూడండి.

నాగావళి లాంటి నదులున్న నేల మాది
నిన్నటిలాగే ఇవాళా సూర్యుడు లేచాడు
వేసవి ఏరు పాము కుబుసంలా పడి ఉంది
కొత్తనీరు ఏటికి ఎర్రచీర
చీర కట్టిన ఏరు ఊరిని పేరుపెట్టి పిలిచింది

“లా” మూడు చోట్ల ఉంది. సిమిలీ మాత్రం ఒక్కటే!

మొదటి లైను చూడండి. నాగావళిని దేనితో పోల్చాం? దేనితోనూ పోల్చలేదు. నాగావళి కూడా నదే. “నాగావళి, వంశధార వంటివి” అని ఉదాహరణ ఇచ్చామంతే. రెండో లైనులోనూ అంతే, నిన్నటి పొద్దు, ఇవాళటి పొద్దు ఒకటే జాతి. సిమిలీకి రెండు వేరే జాతుల వస్తువులు కావాలి, వాటి మధ్య ఒక పోలిక దొరకాలి. అందుకే ముందు “లా”ని వేలితో మూసేసి “ఇక్కడ రెండు వస్తువులున్నాయా? అవి వేరువేరువా?” అని పిల్లని అడగండి.

మూడో లైనులో ఉన్నాయి. ఏరు ఒకటి, కుబుసం ఇంకొకటి. తెలుగు పాఠంలో ఏరుని ఉపమేయం అంటాం, కుబుసాన్ని ఉపమానం అంటాం. రెండిటికీ కలిసేదేంటి? వంకరగా, పొడవుగా, జీవం లేకుండా పడి ఉండడం. అది సమానధర్మం. “లా” ఉపమావాచకం. నాలుగూ దొరికాయి, ఇది సిమిలీ, మన ఉపమ. ఈ సమానధర్మం చెప్పలేని పిల్ల సిమిలీ అని సరిగ్గా రాసినా, గుడ్డిగా రాసినట్టే లెక్క.

అసలు మన అలంకారశాస్త్రంలో “చంద్రముఖి” అన్న ఒక్క మాట కూడా ఉపమే. లుప్తోపమ అంటారు. అక్కడ “లా” ఏదీ? మరి ఆ డబ్బా ఏం చెప్తుంది దీనికి? ఇంగ్లీషు పేపర్లోనూ ఇదే గొడవ. “ఐ లైక్ ది సీ” కింద గీత గీసి సిమిలీ అని రాసే పిల్లలున్నారు. అక్కడ లైక్ అంటే ఇష్టమండీ!

నాలుగో లైనులో నీటిని చీర లాంటిది అనలేదు, చీరే అనేశాం. రెండిటికీ భేదం లేదన్నాం కాబట్టి మెటఫర్, మన రూపకం. పరీక్ష కావాలంటే “లాంటిది” తగిలించి చూడండి. “కొత్తనీరు ఏటికి ఎర్రచీర లాంటిది.” అర్థం నిలబడింది, మెటఫర్ ఖాయం.

ఇప్పుడు అదే పరీక్ష ఐదో లైనుకి పెట్టండి. ఏరు ఊరిని పిలిచింది. “లాంటిది” ఎక్కడ తగిలిస్తారు? తగలదు, ఎందుకంటే రెండో వస్తువు పేరే లైనులో లేదు. మనిషి కనపడడు, మనిషి చేసే పని మాత్రం ఏటికి వచ్చేసింది. పేరుపెట్టి పిలవడం మనుషుల పని, అది పర్సానిఫికేషన్. మెటఫర్‌లో రెండో వస్తువు పేరు ఉంటుంది, దీన్లో ఉండదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఆ రెండూ ఇంక కలవవు.

మరి రెండో లైనులో సూర్యుడు “లేచాడు” కదా, అది పర్సానిఫికేషన్ కాదా అంటారు. కాదండీ! సూర్యుడికి “డు” రావడం తెలుగు వ్యాకరణం. పొద్దు పొడిచిందని చెప్పడానికి రోజూ వాడే మాట అది, కవి కొత్తగా ఇచ్చిన మనిషి గుణం ఏదీ అక్కడ లేదు. వాన వచ్చింది, గాలి వీచింది, ఇవీ అంతే. “సూర్యుడు సిగ్గుపడి మబ్బు చాటుకెళ్లాడు” అంటే మాత్రం కళ్లు మూసుకుని పర్సానిఫికేషన్ రాసేయండి.

ఐదో లైనులో ఇంకో మెలిక ఉంది. “చీర కట్టిన” అన్న ముక్కలో నాలుగో లైను మెటఫర్ ఇంకా నడుస్తోంది, “పిలిచింది” దగ్గర పర్సానిఫికేషన్ ఉంది. ఒకే లైనులో రెండు ఉండొచ్చు. ఇలాంటప్పుడు లైను మొత్తం కింద గీత గీయించకండి. “ఏరు ఊరిని పేరుపెట్టి పిలిచింది” వరకే గీయించి, పక్కన “మనిషి పని: పిలవడం” అని రాయించండి. మెటఫర్‌కైతే “నీరు, చీర” అని రెండు పేర్లు, సిమిలీకైతే ఆ రెండు పేర్లతోపాటు సమానధర్మం.