ఫిర్యాదులో ఏం రాయాలి, ఏం రాయనక్కరలేదు

నిర్వాహకురాలు: నమస్కారం. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే ఒక యువకుడు తన ఫిర్యాదు ప్రతిని మనకు చూపించారు. పేర్లన్నీ తీసేశాను. మొదటి వాక్యం ఇది: "నేను స్వలింగ ప్రేమికుణ్ని కాబట్టి మా టీమ్ లీడర్ నన్ను నిరంతరం వేధిస్తున్నారు." ఇందులో లోపమేమైనా ఉందా?

న్యాయవాది: అబద్ధమేమీ లేదండీ. కానీ ఇంట్లో కూడా చెప్పని విషయాన్ని ఆయన ఆ కాగితం మీద పెట్టేశారు. అది ఎంతమంది చేతులు మారుతుందో ఆయనకు తెలియదు. ఇంత చేసినా జరిగిన వేధింపు ఏమిటో అందులో లేదు.

నిర్వాహకురాలు: మీరు ఫిర్యాదులు విచారించినవారు. మీకేమనిపించింది?

మాజీ విచారణాధికారి: "నిరంతరం" అన్న మాటను నేను విచారించలేను. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు అని అడిగితే ఆయనకు మూడు సంఘటనలు గుర్తొచ్చాయి. మొదటిదాన్ని ఇలా రాశాం: "మార్చి 4, మధ్యాహ్నం 1.15, నాలుగో అంతస్తు క్యాంటీన్. 'నువ్వు మగాడివా, ఆడపిల్లవా? నీ నడక చూస్తే తెలియడం లేదు' అన్నారు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. నేను తినకుండా లేచి వెళ్లిపోయాను." చాలామంది ఆ మాటలు రాయడానికి సిగ్గుపడి "అసభ్యంగా మాట్లాడారు" అని వదిలేస్తారు. అది మన అభిప్రాయం అవుతుంది. అన్న మాట అన్నట్టే ఉండాలి.

నిర్వాహకురాలు: ఇప్పుడు ఆయన ఎవరన్నది ఫిర్యాదులో ఎక్కడా లేదు. మళ్లీ దాచుకోమన్నట్టు కాదా?

న్యాయవాది: కాదండీ. చెప్పాలో వద్దో ఆయన ఇష్టం. అవతలి వ్యక్తి ఏమన్నారన్నదే విచారించాల్సిన విషయం. ఆయన నిజంగా ఎవరన్నది కాదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి అయితే పరిస్థితి వేరు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ కోసం 2019లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ చట్టం కింద 2020లో చేసిన నియమాల ప్రకారం ఆ అధికారి ఫిర్యాదు అందిన 15 రోజుల్లో విచారించాలి. ఆ గడువు కావాలంటే గుర్తింపును ప్రస్తావించడం ఉపయోగం.

నిర్వాహకురాలు: ఈ యువకుడికి ఆ దారి లేదు కదా?

న్యాయవాది: లేదు. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం కింద కూడా బాధిత మహిళలే ఫిర్యాదు చేయగలరు. అందుకని సంస్థ ప్రవర్తనా నియమావళిలో వేధింపులను నిషేధించే నిబంధన ఏదో వెతికి, దాని సంఖ్య రాయాలి.

మాజీ విచారణాధికారి: ఒక్క విషయం, ఇది నాకు చాలా ముఖ్యం. పాత ప్రతిలో ఆయన సాక్షి గురించి "అతనూ నాలాంటివాడే" అని రాశారు. మంచి ఉద్దేశంతోనే. కానీ ఆ స్నేహితుడి రహస్యం బయటపెట్టే హక్కు ఈయనకు లేదు. "ఆ సమయంలో అక్కడున్నారు" అంటే చాలు. ఫోనులోని సందేశాలను తేదీ, పంపినవారి పేరు కనిపించేలా ఫొటో తీసి, దిద్దకుండా ఉంచాలి. ఆఫీసు ఫైళ్లను మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోకూడదు. దాన్నే తప్పుగా చూపించి ఎదురు చర్య తీసుకుంటారు.

నిర్వాహకురాలు: కొత్త ప్రతిని మూడు రోజుల కిందట మెయిల్‌లో పంపారు. అందినట్టు జవాబు ఇంకా రాలేదు.

న్యాయవాది: అయితే ఫోను చేయవద్దనండి. అదే మెయిల్‌కు కొనసాగింపుగా, అందిందో లేదో ఈరోజే రాసి అడగమనండి.