ఆ ప్రశ్నార్థకం ఎక్కడికి పోయింది?

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలందరి పేర్లూ చదివితే టైమ్ అయిపోతుంది, మన్నించండి. వర్క్‌షాప్ రికార్డు ఎలా రాయాలో చెప్పమన్నారు. నేను తప్పు రాసిన రికార్డు గురించి చెబుతాను.

ఆ వర్క్‌షాప్ మన ఫిషింగ్ హార్బర్ దగ్గర, వేట నిషేధం రోజుల్లో జరిగింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు ఒడ్డునే కదా, అందుకని చాలామంది వచ్చారు. తుపాను కబురు రాగానే సముద్రంలో ఉన్నవాళ్లను వెనక్కి పిలవడం ఎలా అన్నది విషయం. 2014లో హుద్‌హుద్ చూసిన ఊరు మనది, ఎవరూ తేలిగ్గా మాట్లాడలేదు. సాయంత్రం బోర్డు ఫొటో ఒకటి, వాట్సాప్ గ్రూపు మెసేజ్‌లు నా చేతిలో పెట్టారు.

ఫొటోలో ఒక లైను: "వీహెచ్ఎఫ్ సెట్లు - 12 బోట్లకి". అంటే బోటులోంచి మాట్లాడే రేడియోలు. దాని పక్కన ట్యూబ్‌లైటు వెలుగు పడి తెల్లగా ఉంది. గ్రూపులో "సరే, అలాగే చేద్దాం" అని ఒక మెసేజ్. రెండూ కలిపి, 12 బోట్లకు సెట్లు ఇవ్వాలని నిర్ణయించినట్టు రాసేశాను. వారం తర్వాత ఒక బోటు యజమాని వచ్చి, "అమ్మా, మా సెట్టు ఎప్పుడొస్తాది?" అని అడిగారు. ఆయన ముఖం ఇప్పటికీ మరచిపోలేదు.

ఫొటో తీసినాయన ఫోన్లో అసలు ఫొటో పెద్దది చేసి చూశాను. వెలుగు అంచున చిన్న చుక్క. ప్రశ్నార్థకం కింది చుక్క అది! గ్రూపులోకి మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన టైమ్ కూడా ఊడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే రెండూ నిలుస్తాయి. మరి ఆ "సరే"? ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లో ఏ మెసేజ్ దేనికి జవాబో కనిపించదు, మెసేజ్ కింద సరేనని పెట్టే బొటనవేలు బొమ్మలూ రావు. గ్రూపు తెరిచి చూస్తే ఆ "సరే" భోజనాల టైమ్ గురించి అన్నది.

అప్పటి నుంచి ముందు బోర్డును ఉన్నదున్నట్టు లైను లైనుకూ నంబరు వేసి ఎత్తి రాస్తాను. చదవలేనిచోట "చదవలేకపోయాను" అనే రాస్తాను. ఆ తర్వాతే విడదీస్తాను: నిర్ణయం, పని, తేలని ప్రశ్న, ఒకరి అభిప్రాయం. నిర్ణయం అని రాస్తే పక్కన ఆధారం ఉండాలి, బోర్డు ఏడో లైను, ఫలానా టైమ్ మెసేజ్ అని. పని అయితే ఎవరు, ఎప్పటికి అన్నది ఉండాలి. పేరు లేకపోతే ఖాళీ వదిలేస్తాను, ఊహించి నింపను. ఆ సెట్ల లైను ఇప్పుడు ఇలా ఉంది: "తేలని ప్రశ్న. 12 బోట్లకు ఇవ్వగలమా? డబ్బు ఎవరిదో చెప్పలేదు. ఆధారం: బోర్డు 7." రెండు రోజుల్లోపు వచ్చినవాళ్లకు చదివి వినిపిస్తాను, వాళ్లు సరిదిద్దాకే పంపుతాను.

బాబూ, వెనక బెంచీ దగ్గరున్నవారూ, మన బోర్డు తుడవకండి. ఆ లైటు ఆపి, కొంచెం పక్కనుంచి రెండు ఫొటోలు తీయండి. ఆ కుడి మూల టిక్కు పెట్టినదెవరండీ? ఒప్పుకున్నట్టా, మాట్లాడేశామనా?