మూడు వేల వెబ్‌క్యామ్, వంద రూపాయల బల్బు: ఏది పనిచేసింది?

నమస్తే అండీ. ఒక వెబ్‌క్యామ్ రివ్యూ చేద్దామని ఈ వీడియో మొదలుపెట్టాను. తీరా పూర్తయ్యేసరికి సగం బల్బు రివ్యూ అయింది. ఎందుకలా అయిందో చెబుతాను.

మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి, అంటే వాళ్లకి పొద్దున, గూగుల్ మీట్‌లో మాట్లాడుకుంటాం. రెండు నెలలుగా ప్రతి వారం ఒకటే మాట: "ఒరేయ్, ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్టు ఉందిరా నీ మొహం." నా లాప్‌టాప్ కెమెరా పాతది, 720p. తప్పు దానిదే అనుకుని మూడు వేలు పెట్టి 1080p యూఎస్‌బీ వెబ్‌క్యామ్ తెప్పించాను. స్క్రీన్ మీద తగిలించి కాల్ చేశాను. అక్క కాసేపు చూసి, "కొత్త కెమెరా అన్నావు, ఇంకా పెట్టలేదా?" అంది.

ఇదిగో, ఆ రోజు రికార్డ్ చేసిన ముక్క ఇది. చెంపల మీద చూడండి, చీమలు పాకుతున్నట్టు చుక్కలు కదులుతున్నాయి. చెయ్యి ఊపితే వేళ్లు సాగిపోయి తోకల్లా కనిపిస్తున్నాయి. జుట్టంతా నల్లటి ముద్ద. ఈ మూడింటికీ కారణం ఒక్కటే. వెలుతురు చాలలేదు.

గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతూనే ఉంది కదా అంటారు. మన కంటికి అది చాలు. వెబ్‌క్యామ్‌లో సెన్సర్ గోరులో పావు వంతు కూడా ఉండదు. వెలుతురు తక్కువైతే అది రెండు పనులు చేస్తుంది. షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, సిగ్నల్‌ను పెంచుతుంది. షటర్ ఎక్కువసేపు తెరిస్తే సెకనుకు 30 ఫ్రేములు ఇవ్వాల్సింది 15కి పడిపోతుంది, కదిలినవన్నీ సాగిపోతాయి. సిగ్నల్ పెంచితే బొమ్మతో పాటు చుక్కలూ పెరుగుతాయి. ఆ చుక్కల్నే నాయిస్ అంటాం.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. అసలు నష్టం దీని తర్వాత జరుగుతుంది.

720p ఫ్రేములో 9,21,600 పిక్సెళ్లుంటాయి. అలాంటివి సెకనుకు 30. కుదించకుండా పంపితే సెకనుకు 330 మెగాబిట్ల దాకా కావాలి. కాల్‌లో మనకు దొరికేది ఒకటిన్నర, మహా అయితే రెండు మెగాబిట్లు. అంటే దాదాపు రెండు వందల వంతుల్లో ఒక వంతు. అంత ఎలా కుదిస్తారంటే, ఎన్‌కోడర్, అంటే వీడియోను కుదించే ప్రోగ్రామ్, మొదట ఒక పూర్తి ఫ్రేము పంపుతుంది. ఆ తర్వాత ముందు ఫ్రేముకీ ఈ ఫ్రేముకీ ఏం మారిందో అది మాత్రమే పంపుతుంది. మీ వెనక గోడ కదలదు కాబట్టి దానికి దాదాపు ఏమీ ఖర్చు కాదు. మిగిలిందంతా మీ కళ్లకీ పెదాలకీ పెట్టొచ్చు.

ఇప్పుడు ఆ గోడ మీద నాయిస్ ఉందనుకోండి. ప్రతి ఫ్రేములోనూ చుక్కలు వేరే చోట ఉంటాయి. ఎన్‌కోడర్ దృష్టిలో గోడంతా మారిపోయినట్టే. ఉన్న ఆ ఒకటిన్నర మెగాబిట్లూ గోడ మీది చీమలకే పోతాయి. మొహానికి మిగిలేవి తక్కువ, అందుకే మొహం గళ్లు గళ్లుగా, మైనం పూసినట్టు వస్తుంది. 1080p కెమెరా పెట్టినా అంతే, చీమలు ఇంకాస్త సన్నగా పాకుతాయి. అక్కకు తేడా కనపడకపోవడంలో వింతేమీ లేదు.

సరే, బల్బు. ఇది మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ, వందో నూట ఇరవయ్యో ఉంటుంది. దీన్ని మా అమ్మాయి చదువుకునే టేబుల్ ల్యాంపులో పెట్టాను. నేరుగా మొహం మీదకి తిప్పితే ఏమవుతుందో చూడండి: నుదురు తెల్లగా మెరిసిపోతోంది, కళ్లజోడులో బల్బు కనిపిస్తోంది, నేను కళ్లు చిట్లిస్తున్నాను. పోలీసు స్టేషన్‌లో కూర్చోబెట్టినట్టుంది. ఇప్పుడు ల్యాంపును లాప్‌టాప్ వెనక పెట్టి, ఎదురుగా ఉన్న తెల్ల గోడ వైపు తిప్పుతున్నాను. వెలుగు గోడకు తగిలి వెనక్కి వస్తోంది. గోడంతా పెద్ద లైటు అయినట్టే, నీడలు మెత్తబడ్డాయి. మీ గోడ ఆకుపచ్చదో నీలందో అయితే మాత్రం ఈ పద్ధతి వద్దు, మొహానికి ఆ రంగు పట్టేస్తుంది. అప్పుడు ఒక తెల్ల చార్ట్ గోడకు అంటించండి.

దూరం తగ్గించడానికి బద్ధకించకండి. నేనూ టేబులూ గోడకు దగ్గరగా జరిగాం. లైటుకీ మొహానికీ మధ్య దూరం సగం చేస్తే వెలుతురు నాలుగింతల దాకా పెరగొచ్చు. ఇంకో బల్బు కొనడం కంటే కుర్చీ జరపడం మేలు. బల్బు రంగు కూడా గది ట్యూబ్‌లైట్ రంగుకు కలవాలి. తెల్ల ట్యూబ్‌లైట్ కింద పసుపు బల్బు పెడితే ఒక చెంప నీలంగా, ఒక చెంప పసుపుగా వస్తుంది. కెమెరా ఏదో ఒకదానికే సర్దుకోగలదు.

పగలైతే ఇదంతా అక్కర్లేదు, కిటికీకి ఎదురుగా కూర్చోండి. కిటికీ మీ వీపు వెనక మాత్రం ఉండకూడదు. కెమెరా కిటికీ వెలుగు చూసి మొత్తం బొమ్మ వెలుతురును తగ్గించేస్తుంది, మీరు నల్లటి నీడలా మిగులుతారు.

ఇప్పుడు కెమెరా ఎక్కడ పెట్టాలి. లాప్‌టాప్ టేబుల్ మీద పెట్టి, స్క్రీన్ వెనక్కి వంచితే ఏం కనపడుతుంది? నా ముక్కు రంధ్రాలు, ట్యూబ్‌లైట్, తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్. ముక్కు సంగతి వదిలేయండి, అది అందానికి సంబంధించిన గొడవ. ట్యూబ్‌లైట్ ఫ్రేములో ఉంటే ఇందాకటి కిటికీ కథే. ఫ్యాన్ వేరే రకం శత్రువు. అది ప్రతి ఫ్రేములోనూ కొత్త చోట ఉంటుంది. మీరు ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నా ఎన్‌కోడర్ ఫ్యాన్ రెక్కల్ని పంపుతూనే ఉంటుంది. గాలికి ఊగే కర్టెన్ కూడా ఇంతే. లైటు ఫ్యాన్‌కు పైన ఉంటే ఇంకా ఘోరం. రెక్కల నీడ మొహం మీద తిరుగుతూ ఉంటుంది.

నేను చేసింది చూడండి. లాప్‌టాప్ కింద ఇంటర్మీడియట్ ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాలు ఐదు పెట్టాను. లెన్స్ సరిగ్గా నా కళ్ల ఎత్తుకు వచ్చింది. స్క్రీన్ నిటారుగా ఉంది కాబట్టి వెనక గోడ, బీరువా తప్ప పైకప్పు కనపడదు. చెయ్యి చాచినంత దూరంలో కూర్చున్నాను. మరీ దగ్గరకొస్తే ఇలా ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. టైపింగ్‌కు విడిగా కీబోర్డు కావాలి, అదొక్కటే ఇబ్బంది. అన్నట్టు, లెన్స్ తుడవండి. మూత తెరిచేటప్పుడు వేలు పడేది సరిగ్గా అక్కడే. అక్క అన్న ఆవిరిలో కొంత నా వేలి జిడ్డే.

సెట్టింగుల్లో రెండే చూపిస్తాను. విండోస్‌లో OBS అనే వీడియో రికార్డింగ్ ప్రోగ్రామ్ తెరిచి, `Video Capture Device` చేర్చి, `Configure Video` నొక్కండి. కెమెరా సొంత సెట్టింగుల విండో ఒకటి వస్తుంది. అందులో `PowerLine Frequency` అని ఉంటుంది. నా వెబ్‌క్యామ్‌లో అది 60 Hz మీద ఉంది. మన కరెంటు 50 Hz. లైటు సెకనుకు వంద సార్లు మిణుకుతుంది, షటర్ దానికి కుదరకపోతే బొమ్మ మీద చారలు పైకీ కిందకీ జారుతుంటాయి. 50 చేశాను, చారలు పోయాయి. అక్క వాళ్ల ఊళ్లో అయితే 60 సరైనదే.

రెండోది `Low Light Compensation`. అన్ని కెమెరాల్లోనూ ఉండదు. వెలుతురు తగ్గగానే ఫ్రేములు సగం చేసే అనుమతి ఇదే. టిక్ తీసేస్తే 30 దగ్గరే నిలుస్తుంది, బొమ్మ మాత్రం చీకటి పడుతుంది. అందుకే ముందు బల్బు, తర్వాత ఈ టిక్. మార్చాక OBS మూసేసి అప్పుడు మీట్ తెరవండి, లేకపోతే కెమెరా ఇంకో చోట వాడకంలో ఉందంటుంది. కేబుల్ పీకి పెడితే కొన్ని కెమెరాలు పాత సెట్టింగులకే వెళ్లిపోతాయి, ఒకసారి చూసుకోండి.

ఇక నిజంగా బాగుపడిందా, లేక నాకే అలా అనిపిస్తోందా? మీ స్క్రీన్ మీద మీకు కనిపించే బొమ్మను నమ్మొద్దు, అది అవతలి వాళ్లకు వెళ్లే కుదించిన బొమ్మ కాదు. క్రోమ్‌లో కాల్ నడుస్తుండగా ఇంకో ట్యాబులో ఇది కొట్టండి:

```
chrome://webrtc-internals
```

గజిబిజిగా ఉంటుంది, కంగారు పడకండి. `outbound-rtp` అని, వీడియోకు సంబంధించిన వరుస వెతకండి. రెండు మూడు ఉంటే `frameHeight` పెద్దగా ఉన్నది చూడండి. `framesPerSecond` మొదటి రోజు నాకు 15 చూపించింది, ఇప్పుడు 30. దాని దగ్గర్లోనే `qualityLimitationReason` ఉంటుంది. `none` అంటే అడ్డేమీ లేదు. `bandwidth` అంటే నెట్ చాలట్లేదు, అప్పుడు బల్బుతో పని జరగదు, రూటర్ దగ్గరకు వెళ్లండి. `cpu` అంటే లాప్‌టాప్ అలిసిపోతోంది, ముందు బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ ఆపేయండి. నాది అదే పాపం చేసింది. బ్లర్ పెడితే కాసేపటికి `cpu` వచ్చి, ఎత్తు 720 నుంచి 360కి దిగింది. మీట్ సెట్టింగుల్లో వీడియో దగ్గర `Send resolution` ఒకసారి చూడండి, అది 360p దగ్గర ఉంటే ఎంత మంచి కెమెరా అయినా వెళ్లేది 360నే.

ఇప్పుడు వెబ్‌క్యామ్ తీర్పు. అదే బల్బు, అదే పుస్తకాలు. ఎడమ వైపు పాత లాప్‌టాప్ కెమెరా, కుడి వైపు కొత్తది. కొత్తదాంట్లో చర్మం రంగు సహజంగా ఉంది, జుట్టులో పోగులు విడిగా తెలుస్తున్నాయి. తేడా ఉంది, కాదనను. కానీ నా మామూలు ఖాతాలో మీట్ పంపేది 720p వరకే, కాబట్టి డబ్బా మీద రాసిన 1080p నాకు కాల్‌లో అందలేదు. మెరుగంతా లెన్స్‌దీ సెన్సర్‌దీ. మీరు పాఠాలు రికార్డ్ చేసేవాళ్లయితే కొనండి. ఇంట్లో వాళ్లతో మాట్లాడటానికైతే ముందు వారం రోజులు బల్బుతో చూడండి. నాకు రిటర్న్ గడువు ఇంకా మూడు రోజులుంది, పంపించేస్తున్నాను.

పోయిన ఆదివారం కాల్‌కి అక్క మొహం స్క్రీన్ దగ్గరగా పెట్టి, "గెడ్డంలో తెల్ల వెంట్రుకలు వచ్చేశాయేంట్రా" అంది. నెల రోజుల క్రితం ఆమెకు గెడ్డమే సరిగ్గా కనపడలేదు. ఒక్కటే చిక్కు మిగిలింది. నీడ పడుతోందని సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఫ్రేములో పడకుండా పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను. మే నెలలో విజయవాడలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం నా వల్ల కాదు. దాంతో ఇప్పుడు, "ఏంట్రా, హెలికాప్టర్‌లో ఉన్నావా? ఒక్క ముక్క వినపడట్లేదు" అంటోంది.