చెమట పడుతున్నా వడదెబ్బే

శ్రోతలకు నమస్కారం. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం హనుమకొండ, వరంగల్ గ్రౌండ్లలో పరుగు ప్రాక్టీస్ చేసే పిల్లలకు, వాళ్లను పరిగెత్తించే సార్లకు ఈ నాలుగు మాటలు.

ఒక కుర్రాడిని అనుకుందాం. మే నెల. ప్రాక్టీస్ మొదలుపెట్టి రెండో రోజే. 1600 మీటర్లంటే ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. మూడో రౌండ్లో అడుగులు తడబడుతున్నాయి. "ఎన్నో రౌండు తమ్మీ?" అని అడిగితే పొంతనలేని జవాబు చెప్పాడు, పైగా కసురుకున్నాడు. ఒళ్లంతా చెమటే. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదులే అని చాలామంది అనుకునేది ఇక్కడే. పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట ఆగాలని లేదు. చూడాల్సింది మాట, నడక, తెలివి. పిక్కలు పట్టేయడం, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం ముందస్తు గుర్తులు, అప్పుడే ఆపేసి నీడకు చేర్చాలి. మాట తేడా వచ్చిందంటే ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిందనే అనుకోవాలి.

అప్పుడు ఒకరు 108కు ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్లు చల్లబరచడం మొదలుపెట్టాలి. బూట్లు, టీషర్టు తీసేయండి. పెద్ద తొట్టి ఉంటే ఐసు వేసిన నీళ్లలో మెడ దాకా కూర్చోబెట్టి, తల మునగకుండా పట్టుకోండి. లేకపోతే బకెట్లతో నీళ్లు పోస్తూ, ఐసునీళ్లలో ముంచిన తువ్వాళ్లు మారుస్తూ, గట్టిగా విసరండి. అరగంటలోపు వేడి దిగాలి, అందుకే అంబులెన్స్ వచ్చేదాకా ఆగకూడదు. తెలివి సరిగా లేనివాడి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అసలు అక్కడిదాకా ఎందుకు పోవాలి? ఎండాకాలంలో పొద్దున ఏడున్నరకల్లా పరుగు ముగించేయండి. సాయంత్రం నాలుగింటికి నేల ఇంకా సెగలు కక్కుతూనే ఉంటుంది. కొత్తవాళ్ల ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో సగం దూరమే చాలు. తొలకరి పడ్డాక చల్లబడిందని ధీమాగా ఉండకండి, ఉక్కలో చెమట ఆరదు, ఒంట్లో వేడి పోదు. బరువు తగ్గుతామని రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తేవాళ్లు ఉన్నారు. అది తెలిసి తెలిసి చేసే ప్రమాదం.

ఇరవై నిమిషాలకోసారి విజిల్ వేసి అందరినీ ఆపండి, తలా ఒక గ్లాసు నీళ్లు తాగించండి. గంట దాటితే ఓఆర్‌ఎస్, లేదా ఉప్పేసిన మజ్జిగ. ముందు, తర్వాత బరువు చూస్తే లెక్క తేలిపోతుంది: అరవై కిలోల మనిషి కిలోకు పైగా తగ్గితే నీళ్లు చాలలేదు, పెరిగితే అవసరానికి మించి తాగాడు. అదీ మంచిది కాదు, రక్తంలో ఉప్పు పలచబడుతుంది.

రాత్రి విరేచనాలో జ్వరమో ఉన్నవాడికి ఆ పూట పరుగు వద్దు. వడదెబ్బ తగిలి కోలుకున్నవాడు కనీసం వారం ఆగి, డాక్టరు సరే అన్నాకే మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి.