‘ప్రభావం’ అన్న పేరా దగ్గర ఆగిపోతే

అందరికీ నమస్కారం.

సంగీత కళాశాలకైనా, చిత్రకళ కోర్సుకైనా దరఖాస్తుతో పాటు ఒక పేజీ రాసివ్వమంటారు. మీ కళ ఎలా ఎదిగింది, ఎవరెవరి ప్రభావం ఉంది, ఇకముందు ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు అని అడుగుతారు. పరిమితి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. 300 పదాలు దాటొద్దని ఒకరంటే 500 దాకా రాయొచ్చని ఇంకొకరంటారు. ఈ పేజీలో ఎక్కువమంది తడబడేది ప్రభావాల దగ్గరే కాబట్టి ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ఒక పియానో విద్యార్థి ఇలా రాశాడనుకుందాం: “గ్లెన్ గూల్డ్ పియానో వాదనంలోని నిర్మాణాత్మక స్పష్టత, కాలభావనతో ఆయన చేసిన ప్రయోగాలు నా కళాత్మక దృక్పథాన్ని లోతుగా ప్రభావితం చేశాయి.” చదవడానికి గంభీరంగానే ఉంది. ఇప్పుడు గూల్డ్ పేరు కొట్టేసి ఆ చోట మరో విద్వాంసుడి పేరు రాయండి. వాక్యం చెక్కుచెదరదు. అంటే అందులో గూల్డూ లేడు, రాసిన విద్యార్థీ లేడు. మీరు రాసిన ప్రతి ప్రభావ వాక్యానికీ ఈ పరీక్ష పెట్టండి. సగం వాక్యాలు అక్కడే రాలిపోతాయి.

మరి దాన్ని బాగుచేయడం ఎలా? పెద్ద మాటలు తీసేసి చిన్న మాటలు పెడితే సరిపోదు. ముందు వెనక్కి వెళ్లి, విన్నదాన్ని మళ్లీ వినాలి. బాఖ్ ఒక చిన్న ముక్కను ఆధారం చేసుకుని 30 రకాలుగా అల్లిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను గూల్డ్ 1955లో ఒకసారి, 1981లో మరోసారి స్టూడియోలో రికార్డు చేశాడు. మొదటిది 38 నిమిషాల పైచిలుకు, రెండోది 51 నిమిషాలు. ఇది చూడగానే చాలామంది “వయసు మీదపడ్డాక 13 నిమిషాలు నెమ్మదించాడు” అని రాసేస్తారు. అది తప్పు. 1955లో ఆయన ఏ భాగాన్నీ తిరిగి వాయించలేదు. 1981లో కొన్ని వేరియేషన్ల మొదటి సగాన్ని రెండుసార్లు వాయించాడు. అదనపు నిమిషాల్లో కొంత నెమ్మదితనానిది, కొంత ఆ పునరావృత్తిది. ఈ పేజీ చదివేవాళ్లలో పియానో గురువు ఉంటే ఆ తప్పు ఇట్టే పట్టేస్తారు. ఆ తర్వాత మీరు నిజంగా విని రాశారని నమ్మడం ఆయనకు కష్టం.

పోల్చాలంటే రెండు రికార్డింగుల్లోనూ ఒకే తీరుగా ఉన్న ముక్కను తీసుకోవాలి. ఈ రచన మొదట్లో వచ్చే ఆరియాను రెండుసార్లూ ఆయన పునరావృత్తి లేకుండానే వాయించాడు. మొత్తం 96 బీట్లు. 1955లో అది రెండు నిమిషాల లోపే ముగుస్తుంది, అంటే నిమిషానికి సుమారు 50 బీట్లు. 1981లో మూడు నిమిషాలు దాటుతుంది, అంటే 30కి కాస్త పైన. ఈ లెక్క దరఖాస్తులో రాయనక్కర్లేదు. మీరు విన్నది భ్రమ కాదని మీకు తెలియడానికే ఇది.

తర్వాత అడగాల్సింది ఒక్కటే: విన్నాక నువ్వు చేత్తో ఏం చేశావు? మన విద్యార్థి ఆ నెమ్మదితనాన్ని అనుకరించబోయాడనుకుందాం. పాట ముక్కలు ముక్కలైంది. కారణం పియానోలోనే ఉంది. మీటను నొక్కిన క్షణం నుంచీ ఆ స్వరం సన్నబడిపోతూ ఉంటుంది. వేగంగా వాయించేటప్పుడు అది సన్నబడేలోపే తర్వాతి స్వరం వస్తుంది కాబట్టి తెలియదు. నెమ్మదిస్తే ముందు స్వరం బాగా తగ్గిపోయాక తర్వాతిది పడుతుంది. దాన్నీ అదే బరువుతో నొక్కితే చెవికి గతుకులా తగులుతుంది. ముందు స్వరం ఎంతకు తగ్గిందో విని, అక్కడి నుంచి అందుకోవాలి. ఇదంతా తేలాక పేరా ఇలా మారుతుంది:

“గూల్డ్ 1981 రికార్డింగులో ఆరియా చాలా నెమ్మదిగా సాగినా ఎక్కడా తెగదు. అలా వాయించబోతే నాకు ప్రతి స్వరమూ విడిగా పడింది. తగ్గిపోతున్న స్వరాన్ని వినకుండా అన్నింటినీ ఒకే బరువుతో నొక్కుతున్నానని అర్థమైంది. ఆరు వారాలు ఎడమచేతి భాగాన్ని ఒక్కదాన్నే, నోటితో పాడుకుంటూ సాధన చేశాను. ఇప్పుడు నిమిషానికి 40 బీట్ల దగ్గర పాట తెగకుండా సాగుతోంది. 30 దగ్గర ఇంకా తెగుతోంది.”

ఇందులో దృక్పథం, ప్రయోగం, స్పష్టత లాంటి మాట ఒక్కటీ లేదు. పేరు మార్చి చూడండి, కుదరదు. చివరి వాక్యాన్ని చాలామంది భయపడి తీసేస్తారు. నన్నడిగితే ఉంచమంటాను. ‘ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు’ అన్న ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది.

కఠిన పదాలన్నీ తీసేయమని మాత్రం నేననడం లేదు. ‘పెడల్’ ఉండనివ్వండి, అది కాలికింద ఉండే వస్తువు. ‘మెట్రోనోమ్’ ఉండనివ్వండి. తీసేయాల్సింది, చేసిన పనిని కప్పేసే మాటలు. చిత్రకళలో ఈ జబ్బు ఇంకా ఎక్కువ. “నా చిత్రాలు వెలుగునీడల మధ్య సంవాదాన్ని శోధిస్తాయి” అని రాస్తారు. అసలు జరిగిందేమిటంటే, ఆ అమ్మాయి నీడలకు ట్యూబులోని నలుపు వాడటం మానేసి, బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరీన్ బ్లూ కలిపి ముదురు రంగు చేసుకోవడం మొదలుపెట్టింది. అందులో నీలం కాస్త పెంచితే నీడ చల్లబడుతుంది, గోధుమరంగు పెంచితే వెచ్చబడుతుంది. ఆ మాటే రాస్తే చదివేవాళ్లు చిత్రంలో నీడ వైపు చూస్తారు.

ఎదుగుదల గురించి రాయడానికి ఐదేళ్ల వయసు నుంచి మొదలుపెట్టి ఏడాదికో వాక్యం చొప్పున రావద్దు. ఒకే రచనను మీరు రెండేళ్ల క్రితం వాయించిన రికార్డింగు, నిన్నటి రికార్డింగు పక్కపక్కన వినండి. తేడాలు కాగితం మీద రాసుకోండి. కారణం మీకు కచ్చితంగా తెలిసిన తేడాను ఒక్కదాన్ని ఎంచుకోండి. పాత రికార్డింగు లేకపోతే గురువు గుర్తులు పెట్టిన స్వరలిపి కాగితాలు చూడండి. ఒకప్పుడు ప్రతి వరుసలో చుట్టిన తప్పు ఇప్పుడు కనిపించకపోతే అదీ ఆధారమే.

ఆడిషన్‌కు ముందు పంపే రికార్డింగుతో ఈ పేజీ సరిపోవాలి. నెమ్మదిగా వాయించడం గురించి పేరా రాసి, పంపినవన్నీ వేగంగా సాగే రచనలైతే, వినేవాళ్లకు ఆ పేరాను దేనితో పోల్చుకోవాలో తెలియదు. అలాంటప్పుడు రికార్డింగైనా మార్చండి, పేరా అయినా మార్చండి. సాధారణంగా పేరా మార్చడమే తేలిక. పంపిన ముక్కలో వినిపించే మార్పునే ఎంచుకుని, దాని వెనక ఎవరి వాయింపు ఉందో వెతికి రాయండి.

రాశాక మీ వాయిద్యం రాని, వేరే వాయిద్యం వచ్చిన ఒకరికి చదివి వినిపించండి. విన్నది మీకు తిరిగి చెప్పమనండి. “నెమ్మదిగా వాయిస్తే స్వరాలు తెగుతున్నాయట, దానికి ఎడమచేతిని విడిగా సాధన చేశాడట” అని చెప్పగలిగితే పేరా పనిచేస్తోంది. “గూల్డ్ అంటే చాలా ఇష్టమట” అని ఆగిపోతే, మొదటి వాక్యం తప్ప మిగతాదేదీ చేరలేదు.

పదాలు ఎక్కువైతే ముందు బహుమతుల జాబితా కొట్టేయండి, దరఖాస్తు ఫారంలో దానికి వేరే గడి ఉంటుంది. తర్వాత రెండో ప్రభావాన్ని తీసేయండి. ఆరు వారాలు, 40 బీట్లు ఉన్న వాక్యాల జోలికి మాత్రం వెళ్లకండి.