కారు విలువను దాటిన బాకీ

శ్రోతలకు నమస్కారం. లోన్ మీద కొన్న కారును ఈరోజు అమ్మితే వచ్చే డబ్బు కన్నా, ఆ లోన్ మీద ఇంకా తీర్చాల్సిన బాకీ ఎక్కువగా ఉంటే దాన్ని నెగటివ్ ఈక్విటీ అంటారు. ఈఎంఐ ఒక్క నెల కూడా తప్పకుండా కట్టేవాళ్లకు కూడా ఇది వస్తుంది. చాలామందికి ఆ సంగతి కారు మార్చాలనుకున్న రోజునే తెలుస్తుంది. అందుకే ఈరోజు ఆ కారు మార్చే సందర్భం గురించే చెబుతాను.

లెక్క సులువుగా ఉండడానికి కారు ధర 100 అనుకుందాం. చేతి నుంచి ఏమీ పెట్టకుండా మొత్తం 100కీ లోన్ తీసుకున్నారు. వడ్డీ ఏడాదికి 10 శాతం, గడువు 7 ఏళ్లు. నెలకు ఈఎంఐ సుమారు 1.66 పడుతుంది. రెండేళ్లలో మొత్తం 40 దాకా కట్టేస్తారు. కానీ అందులో 18 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 22 మాత్రమే. అంటే బాకీ ఇంకా 78 ఉంటుంది.

ఈలోగా కారు విలువ ఊరుకోదు. కొత్త కారు విలువ మొదటి ఏడాదిలోనే బాగా పడిపోతుంది, ఆ తర్వాత పడే వేగం తగ్గుతుంది. లోన్ సంగతి దీనికి తలకిందులు. మొదట్లో ఈఎంఐలో వడ్డీ వాటా ఎక్కువ కాబట్టి అసలు నెమ్మదిగా తగ్గుతుంది. మన కారుకు రెండేళ్ల తర్వాత 68 వస్తుందనుకుందాం. బాకీ 78, విలువ 68. అక్కడ 10 లోటు.

కారును అలాగే వాడుకుంటూ ఈఎంఐ కట్టుకుంటూ పోతే ఈ లోటు మనల్ని ఇబ్బంది పెట్టదు. గడువు చివరికి వచ్చేసరికి అదే పూడిపోతుంది. చిక్కంతా మధ్యలో కారు మార్చితేనే.

పాత కారు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకోమని షోరూమ్‌లో చెబుతారు. పాత బాకీ సంగతి మేం చూసుకుంటామంటారు. చూసుకోవడం అంటే సాధారణంగా ఆ 10 లోటును కొత్త లోన్‌లో కలపడమే. కొత్త కారు ధర కూడా 100 అయితే, మీరు 110 అప్పుతో బయటికి వస్తారు. అదే వడ్డీ, అదే గడువు అనుకుంటే ఏడాది తర్వాత బాకీ 98 పైనే ఉంటుంది. ఏడాది వాడిన కారుకు 80 వస్తే లోటు 18 దాటిపోయింది. 10 లోటుతో మొదలైన మనిషి, ఏ వాయిదా తప్పకుండానే, ఏడాదిలో ఇక్కడికి చేరాడు. ఇప్పుడు ఇంకోసారి కారు మార్చితే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇది కంటికి కనపడకపోవడానికి కారణం ఉంది. బేరమంతా నెలకు ఎంత కడతారన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. గడువు పెంచితే ఎంత అప్పైనా ఈఎంఐలో చిన్నగానే కనిపిస్తుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది. పాత కారుకు 68 బదులు 78 ఇస్తున్నామంటారు, లోటే లేదని మనకు సంతోషం. కానీ కొత్త కారు మీద మనకు రావాల్సిన డిస్కౌంట్ ఆ 10 మేరకు తగ్గిపోయి ఉండవచ్చు.

కాబట్టి షోరూమ్‌కు వెళ్లేముందే రెండు అంకెలు చేతిలో ఉండాలి. లోన్‌ను ఈరోజు పూర్తిగా మూసేయాలంటే ఎంత కట్టాలో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ముందస్తుగా మూసేసినందుకు ఛార్జీలు ఉంటే అవి కూడా అందులో కలుస్తాయి కాబట్టి, అది మీకు కనిపించే బాకీ కన్నా ఎక్కువ ఉండవచ్చు. రెండోది కారు విలువ. ప్రకటనల్లో అడుగుతున్న ధరలు చూసి మోసపోకండి. ఇద్దరు ముగ్గురు కొనుగోలుదార్లు నిజంగా ఇస్తామన్న ధర తీసుకోండి. షోరూమ్‌లో కొత్త కారు ధర, పాత కారుకు ఇచ్చే ధర, పాత బాకీ, మూడూ విడివిడిగా కాగితం మీద రాయమనండి. కొత్త లోన్ మొత్తం కొత్త కారు ధరను మించితే, మించినంతా పాత లోటే. విడిగా రాయడానికి ఇష్టపడకపోతే ఆ బేరం వదిలేయడమే నయమని నా అభిప్రాయం.

లోటు ఉన్నంతకాలం ఇన్సూరెన్స్ కూడా ఒకసారి చూసుకోండి. కారు పూర్తిగా పాడైనా, దొంగతనానికి గురైనా మామూలు పాలసీ ఇచ్చేది అప్పటి విలువే. అది ముందు బ్యాంకుకు వెళ్తుంది. మిగిలిన బాకీ మాత్రం, కారు లేకపోయినా, మీరే కట్టాలి. ఈ తేడాను భరించే అదనపు కవర్లు ఉంటాయి, షరతులు చదివి తీసుకోవాలి.

చేతిలో కొంత డబ్బు ఉంటే లోటును ఇప్పుడే పూడ్చవచ్చు. అదనంగా కట్టే సొమ్మును అసలులో జమ చేయమని, ఈఎంఐ తగ్గించకుండా గడువు తగ్గించమని బ్యాంకును అడగండి. మన ఉదాహరణలో రెండేళ్ల దగ్గర ఒకేసారి 10 కడితే లోటు ఆ రోజే పోతుంది, లోన్ కూడా సుమారు 9 నెలలు ముందే తీరుతుంది.