ఎనిమిది ఆంపియర్లలో పనిచేసేవి ఎన్ని?

(పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ విద్యార్థులు, వైరింగ్ పనివారితో జరిగిన సాయంత్రపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు బోర్డు మీద మూడు అంకెలు రాస్తాను. మా ఇంటి బావి దగ్గర ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు ఉంది. కెపాసిటర్ స్టార్ట్ రకం. అది నడుస్తుండగా టెర్మినళ్ల దగ్గర 230 వోల్టులు ఉన్నాయి. క్లాంప్ మీటర్ 8 ఆంపియర్లు చూపింది. వాట్‌మీటర్ 1104 వాట్లు చూపింది. లెక్క సులువుగా ఉండాలని దశాంశాలు కాస్త సర్దాను, అంతే.

230ని 8తో గుణిస్తే 1840. వాట్‌మీటర్ మాత్రం 1104 అంటోంది. తేడా 736. ఈ 736 ఏమిటని క్లాసులో అడిగితే, వెనక బెంచీ నుంచి వెంటనే వచ్చే జవాబు "రియాక్టివ్ పవర్ సార్!" అని. కాదు. ఈ మోటారు రియాక్టివ్ పవర్ 1472. అయితే 736 కూడా ఉత్తుత్తి అంకె కాదు. అదెక్కడ కనిపిస్తుందో కాసేపట్లో చూద్దాం.

మనది 50 హెర్ట్జ్ సరఫరా. అర సైకిల్‌కి 10 మిల్లీసెకన్లు పడుతుంది. మోటారులో చుట్టలున్నాయి కాబట్టి కరెంటు వోల్టేజి వెనక నడుస్తుంది. ఎంత వెనక? 1104ని 1840తో భాగిస్తే 0.6 వస్తుంది. అదే పవర్ ఫ్యాక్టర్. దాని కోణం 53.13 డిగ్రీలు. అర సైకిల్ 180 డిగ్రీలు కాబట్టి, ప్రతి 10 మిల్లీసెకన్లలో దాదాపు 3 మిల్లీసెకన్ల పాటు వోల్టేజి ఒక దిక్కున, కరెంటు దానికి ఎదురు దిక్కున ఉంటాయి. అంతసేపూ మోటారు తీసుకోవడం లేదు, తిరిగి ఇస్తోంది. దీన్ని సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది:

```
p(t) = P + P cos(2ωt) + Q sin(2ωt)
```

మొదటి P స్థిరం, వాట్‌మీటర్ చూపిన 1104 అదే. నీళ్లు తోడేది, మోటారును వేడెక్కించేది, మీటర్ లెక్కపెట్టేది అదే. మిగతా రెండూ సెకనుకు వందసార్లు పైకీ కిందికీ ఊగి సగటున సున్నా అవుతాయి. ఆ ఊపులో Q ఉన్న భాగం అయస్కాంత క్షేత్రం కట్టడానికి తీసుకున్నది, క్షేత్రం కూలగానే తిరిగి ఇచ్చేది. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది: చేబదులు. పొద్దున తెచ్చుకుని సాయంత్రం ఇచ్చేస్తాం, వడ్డీ ఉండదు. తెచ్చేటప్పుడు, ఇచ్చేటప్పుడు దారి మాత్రం అరుగుతుంది. రియాక్టివ్ పవర్‌ని గ్లాసులో నురగతో పోల్చి చెప్పడం మామూలే గానీ నాకది నచ్చదు. నురగ ఎవరికీ తిరిగి వెళ్లదు కదా.

ఇప్పుడు ఆ 736 సంగతి. 230ని 8తో గుణిస్తే వచ్చిన 1840ని S అందాం. ఈ ఊగే పవర్ అత్యధికంగా P + S, అంటే 2944 వాట్లకు చేరుతుంది. అత్యల్పంగా P − S, అంటే మైనస్ 736 వాట్లకు దిగుతుంది. కాబట్టి 736 అనేది మోటారు వెనక్కి నెట్టే పవర్‌కి శిఖరం. రియాక్టివ్ పవర్ Q అనేది ఊగే రెండో భాగపు ఎత్తు. ఇవి రెండు వేర్వేరు సంగతులు. మామూలు తీసివేతతో Q రాకపోవడానికి కారణం ఇదే.

మరి Q ఎలా వస్తుంది? ఇక్కడ సంకీర్ణ సంఖ్య కావాలి. ఏసీ లెక్కల్లో j వాడే పద్ధతిని స్టైన్‌మెట్జ్ 1893లో చికాగోలో జరిగిన విద్యుత్ కాంగ్రెస్‌లో వివరించాడు. అప్పటినుంచి సైన్ అలలు గీసే శ్రమ తప్పింది. వోల్టేజిని సున్నా కోణంలో పెట్టుకుంటే మన కరెంటు 4.8 − j6.4 ఆంపియర్లు. ఎనిమిదిలో పని చేసే భాగం 4.8, చేబదులు మోసే భాగం 6.4. రెండూ లంబంగా ఉన్నాయి కాబట్టి కూడితే 11.2 కాదు, 8 అవుతుంది. సూత్రం ఇదీ:

```
S = V I*
  = 230 × (4.8 + j6.4)
  = 1104 + j1472
```

నక్షత్రం గుర్తు అంటే కాంజుగేట్, కరెంటు కోణం గుర్తు మార్చమని. పరీక్షలో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ఎందుకు మార్చాలో చెప్పకుండా "మార్చాలి" అని చెబితే ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

నేను గడియారాన్ని వేరే క్షణంలో మొదలుపెట్టాననుకోండి. అప్పుడు వోల్టేజి కోణం 30 డిగ్రీలు, కరెంటు కోణం −23.13 డిగ్రీలు. మోటారు అదే, నీళ్లూ అవే. నక్షత్రం లేకుండా గుణిస్తే కోణాలు కూడుకుని 6.87 డిగ్రీలు వస్తాయి. అంటే 1827 వాట్లు! నేను గడియారం ఎప్పుడు నొక్కానన్నదాన్ని బట్టి మోటారు తాగే పవర్ మారిపోయిందన్నమాట. నక్షత్రం పెడితే కరెంటు కోణం +23.13 అవుతుంది. 30 కూడితే మళ్లీ 53.13. నేనెక్కడ మొదలుపెట్టినా రెండింటి మధ్య ఎడం ఒక్కటే మిగులుతుంది. కాంజుగేట్ చేసే పని ఇదొక్కటే, గడియారాన్ని లెక్కలోంచి తీసేయడం. కరెంటు వెనకబడితే Q ప్లస్ అనే వాడుక కూడా దీనితోనే వస్తుంది. కెపాసిటర్‌కి మైనస్.

ఇప్పుడు త్రిభుజం గీయండి. అడుగు భుజం 1104 వాట్లు, నిలువు భుజం 1472 వార్లు, కర్ణం 1840 వోల్ట్ ఆంపియర్లు. మూడింటికీ మూడు ప్రమాణాల పేర్లు పెట్టింది కలిపేయకూడదనే. 368తో భాగిస్తే 3, 4, 5 వస్తాయి. బడిలో నేర్చుకున్న త్రిభుజమే.

దీనితో మొదటి ఉపయోగం కూడికలు. మోటారు నడుస్తుండగా ఇంట్లో 2000 వాట్ల గీజర్ వేశారు. గీజర్‌ది పూర్తిగా రియల్ పవర్, 8.7 ఆంపియర్లు. 8కి 8.7 కలిపి 16.7, కాబట్టి 16 ఆంపియర్ల ఎంసీబీ మీద భారం ఎక్కువైందని ఒకరంటారు. క్లాంప్ పెట్టి చూస్తే 14.9 కనిపిస్తుంది. మీటర్ చెడిపోయిందా? లేదు. కర్ణాలను కూడకూడదు, భుజాలను కూడాలి. అడుగు భుజం 3104, నిలువు భుజం అదే 1472. కర్ణం 3435, దాన్ని 230తో భాగిస్తే 14.9.

రెండోది మెకానిక్‌లకు. సంపులో నీళ్లు అయిపోయి పంపు ఊరికే తిరుగుతోందనుకోండి. రియల్ పవర్ 350 వాట్లకు పడిపోయింది. అయస్కాంత క్షేత్రం మాత్రం కావాల్సిందే కాబట్టి Q ఇంచుమించు 1400 దగ్గరే ఉంది. కర్ణం 1443, కరెంటు 6.3 ఆంపియర్లు. భారం మూడో వంతుకు పడిపోయినా క్లాంప్ మీటర్ 8 నుంచి 6.3కే దిగింది. "ఆంపియర్లు బాగానే ఉన్నాయి, మోటారు లాగుతోంది" అనుకుని వెళ్లిపోతే సీలు కాలిపోతుంది. ఇలాంటి చోట వాట్లు చూడాలి.

ఇక కెపాసిటర్. చేబదులు కోసం పట్నం దాకా పోకుండా పక్కింట్లోనే తెచ్చుకునే ఏర్పాటు అది. మోటారు క్షేత్రం కూలుతూ శక్తిని వదిలే సమయంలో కెపాసిటర్ నిండుతుంది. మోటారు అడిగినప్పుడు అది ఖాళీ అవుతుంది. పవర్ ఫ్యాక్టర్ 0.95కి తేవాలంటే నిలువు భుజం 363కి దిగాలి. అంటే 1109 వార్లు కెపాసిటర్ ఇవ్వాలి.

```
C = Q / (ω V²) = 1109 / (314.16 × 230²) ≈ 67 µF
```

ఇప్పుడు లైన్‌లో కరెంటు 8 నుంచి 5.05 ఆంపియర్లకు తగ్గుతుంది. మోటారు లోపలి కరెంటు మాత్రం 8గానే ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. స్టార్టింగ్ కెపాసిటర్‌ని దీనికి వాడకండి. అది కొన్ని సెకన్ల పనికోసం చేసింది, నిరంతరం ఉంచితే పగులుతుంది. 440 వోల్టుల రన్ రకం కావాలి, మోటారు స్విచ్ తర్వాత కలపాలి. నిలువు భుజాన్ని పూర్తిగా సున్నా చేయాలని కూడా చూడకండి. స్విచ్ ఆపాక తిరుగుతున్న మోటారు కెపాసిటర్ సాయంతో జనరేటర్‌లా వోల్టేజి పుట్టించే ప్రమాదం ఉంది.

దీనివల్ల బిల్లు తగ్గుతుందా? మా బావి మీటర్‌కి 100 మీటర్ల దూరం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రానూపోనూ 200 మీటర్లు, నిరోధం సుమారు 1.5 ఓమ్‌లు. 8 ఆంపియర్లప్పుడు తీగలో 96 వాట్లు వేడిగా పోయేవి. 5.05 అయ్యాక 38 వాట్లు. మిగులు 58 వాట్లు, అదీ కెపాసిటర్ బావి దగ్గర ఉంటేనే. అదే కెపాసిటర్‌ని మీటర్ పక్కనే తగిలిస్తే మీటర్‌కీ బావికీ మధ్య తీగలో ఇంకా 8 ఆంపియర్లే నడుస్తాయి. మిగిలేది సున్నా. ఇంటి మీటర్ వాట్-గంటలు లెక్కపెడుతుంది గానీ వోల్ట్ ఆంపియర్లు కాదు. కేవీఏహెచ్ మీద బిల్లు కట్టే ఫ్యాక్టరీల సంగతి వేరు, అక్కడ కర్ణానికే డబ్బు.

సాకెట్‌లో పెడితే బిల్లు తగ్గుతుందని అమ్మే డబ్బాలు మీరూ చూసే ఉంటారు. మా బంధువు ఒకాయన కొన్నాడు, ఆయన ముందే విప్పాను. లోపల 5 మైక్రోఫారడ్ల కెపాసిటర్, ఒక చిన్న దీపం. ఆ కెపాసిటర్ ఇచ్చేది 83 వార్లు. మా మోటారు నిలువు భుజం 1472. ఆ పచ్చ దీపం వెలగడానికి అయ్యే ఖర్చు మాత్రం మీటర్ నిజాయతీగా లెక్కపెడుతుంది. "మరి క్లాంప్ మీటర్‌లో ఆంపియర్లు తగ్గాయి కదరా, వాడు చూపించాడు" అన్నాడాయన. తగ్గుతాయి బాబాయ్, వాట్లు తగ్గవు అన్నాను. ఆయనకు నా మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

ఈ త్రిభుజానికి ఒక హద్దు ఉంది. కరెంటు అల సైన్ ఆకారంలో ఉన్నంతవరకే ఇది మూసుకుంటుంది. చవక రకం 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 0.07 ఆంపియర్లు తీసుకుందనుకోండి, కర్ణం 16 వోల్ట్ ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.56. మోటారు లెక్కలాగే ఉందని దానికి కెపాసిటర్ కట్టబోతే దెబ్బతింటారు. ఆ బల్బు కరెంటు వెనకబడలేదు, విరిగిపోయింది. వోల్టేజి శిఖరం దగ్గర మాత్రమే సూదిలా లేచి, మిగతాసేపు సున్నా దగ్గర పడి ఉంటుంది. అందులో 150, 250 హెర్ట్జ్ ముక్కలుంటాయి. వాటి వాటా P లోనూ లేదు, Q లోనూ లేదు. కర్ణంలో మాత్రం ఉంది. కాబట్టి మూడో దిక్కు కావాలి:

```
S² = P² + Q² + D²
```

ఆ D ని కెపాసిటర్ తీర్చలేదు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అనుమానం ఉన్న లోడ్‌కి కొంచెం కెపాసిటర్ కట్టి క్లాంప్ మీటర్ చూడండి. మోటారైతే ఆంపియర్లు దిగుతాయి. ఇలాంటి బల్బుల వరుసైతే దిగకపోగా ఒకోసారి పెరుగుతాయి. ఆ రెండో బల్ల మీద బల్బులు, ఒక టేబుల్ ఫ్యాన్, రెండు కెపాసిటర్లు పెట్టాను. ఇద్దరేసి వచ్చి చూసుకోండి. కెపాసిటర్ తీశాక దాని కాళ్లు ముట్టుకునేముందు రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయండి.